నీళ్లతో పేచీ ఉన్న మూడు మందులు

రాజోలులోనో నరసాపురంలోనో సాయంత్రం పూట ఏ మెడికల్ షాపు ముందు నిలబడినా కొన్ని ప్రశ్నలు తరచూ వినిపిస్తాయి. "మా నాన్నగారికి గ్యాస్ బిళ్ళ గొంతు దిగట్లేదండి, పొడి చేసి ఇవ్వొచ్చాండి?" "పాపకి యాంటీబయాటిక్ సిరప్ అన్నారు, చూస్తే సీసాలో పొడి ఉంది. మీరే కలిపి ఇస్తారాండి?" "ఈ గజ్జి లోషను పాలలా తెల్లగా ఉండాలి కదండీ, అడుగున నూనెలా దిగిందేంటండి?"

ఇవే ప్రశ్నలు డి.ఫార్మసీ, బి.ఫార్మసీ పరీక్ష పేపర్లలో వేరే వేషంలో వస్తాయి. ఎంటరిక్ కోటింగ్ ఎందుకు వేస్తారు? మందును సస్పెన్షన్‌గా ఎప్పుడు తయారుచేస్తారు? ఎమల్షన్ విరిగిపోవడానికి కారణాలేమిటి? విద్యార్థులు ఐదేసి పాయింట్లు బట్టీపట్టి రాస్తారు, మార్కులూ పడతాయి. కానీ ఆ పాయింట్లతో కౌంటరు అవతలి మనిషికి జవాబు చెప్పడం కష్టం. "పొడి చేయకూడదండి" అని ఊరుకుంటే ఆయన ఇంటికెళ్లి రోట్లో వేసి దంచేస్తాడు. ఎందుకు కూడదో తెలిస్తే ఆగుతాడు.

ఆ 'ఎందుకు'ను పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఈ మందుకు నీళ్లతో పేచీ ఏమిటి అని అడగడం. నోట్లో వేసుకున్న మందు ఒంటికి పట్టాలంటే ముందు నీళ్లలో కరగాలి. పొట్టలో ఉన్నదీ, పేగుల్లో ఉన్నదీ, రక్తంలో ఉన్నదీ ప్రధానంగా నీరే. గ్యాస్ బిళ్ళలోని పాంటాప్రజోల్ పుల్లటి నీళ్లలో బతకదు. పిల్లల సీసాలోని అమాక్సిసిలిన్ నీళ్లలో సరిగా కరగదు, కరిగిన కాస్తా నిలవ ఉండదు. గజ్జి లోషనులోని బెంజైల్ బెంజోయేట్ నీళ్లతో అసలు కలవదు. పూత వేసిన బిళ్ళ, సస్పెన్షన్, ఎమల్షన్ అనేవి ఈ మూడు పేచీలకు ఫార్మసీ కుదిర్చిన మూడు రాజీలు.

పూత ఎవరిని కాపాడుతోంది?

పాంటాప్రజోల్‌ది విచిత్రమైన పరిస్థితి. దాన్ని చంపేది ఆమ్లమే, దానితో పని చేయించేదీ ఆమ్లమే. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని లెక్క. మామూలు గది వేడిమి దగ్గర, పీహెచ్ 7.8 ఉన్న ద్రావణంలో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు 220 గంటలు పడుతుంది. పీహెచ్ 5కి దిగితే 2.8 గంటలు చాలు. పరగడుపున పొట్టలో పీహెచ్ 1 నుంచి 2 మధ్య ఉంటుంది. అంటే పీహెచ్ 5తో పోలిస్తే ఆమ్లం కనీసం వెయ్యి రెట్లు ఎక్కువ. అక్కడ పడిన మందు గంటలు కాదు, నిమిషాల్లోనే పాడైపోతుంది.

మరి ఆమ్లం తయారయ్యే చోటే పని చేయాల్సిన మందు ఆమ్లంలో పాడైపోతే ఎలా? ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈ మందు పొట్టలోకి పైనుంచి పడి పని చేయదు. పేగుల్లో కరిగి, రక్తంలో కలిసి, రక్తం ద్వారా పొట్ట గోడలోని ఆమ్లం ఊరే కణాలకు వెనక గుమ్మం నుంచి చేరుతుంది. ఆ కణంలో ఆమ్లం ఊరే సన్నటి కాలవల్లోకి వెళ్లాక అక్కడి ఆమ్లం తగిలి రూపం మారుతుంది. మారిన రూపమే ఆమ్లాన్ని తోడే పంపుకు అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. ఆమ్లంతో జరిగే ఆ మార్పు కణం లోపల జరిగితే వైద్యం, పొట్ట మధ్యలో ముందే జరిగితే మందు వృథా.

కాబట్టి మందును పొట్ట దాటించి చిన్నపేగు మొదటి భాగందాకా చెక్కుచెదరకుండా తీసుకెళ్లాలి. ఆ పని పూత చేస్తుంది. మెథాక్రిలిక్ ఆమ్లపు పాలిమర్లు, హెచ్‌పీఎంసీ థాలేట్ వంటివి దీనికి వాడతారు. వీటి అణువుల మీద కార్బాక్సిలిక్ ఆమ్ల గుంపులుంటాయి. చుట్టూ ఆమ్లం ఎక్కువగా ఉన్నంతసేపు ఆ గుంపులు ముడుచుకుని ఉంటాయి, పొర నీళ్లలో కరగదు. పీహెచ్ 5.5 దాటాక అవి అయాన్లుగా మారి, పొర కరగడం మొదలవుతుంది. పూతలో గడియారం లాంటిదేమీ లేదు. తాను ఉన్నది పొట్టో పేగో దానికి తెలియదు, చుట్టూ ఉన్న పీహెచ్ మాత్రమే తెలుసు. ఈ సంగతి గుర్తుంటే తర్వాత వచ్చే చిక్కులు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

ఒక చిన్న విషయం పరీక్షల్లో పెద్దగా అడగరు గానీ తయారీలో చాలా ముఖ్యం. ఆమ్లాన్ని ఆపే పూత తానే స్వభావరీత్యా ఆమ్లం. దాన్ని నేరుగా పాంటాప్రజోల్ మీద వేస్తే, కాపలా పెట్టినవాడే కన్నం వేసినట్టు, పూత తగిలిన చోటల్లా మందు పాడవుతుంది. అందుకే లోపలి బిళ్ళలో సోడియం కార్బొనేట్ లాంటి క్షారం కలుపుతారు. ఆ బిళ్ళకూ పై పూతకూ మధ్య హెచ్‌పీఎంసీతో మరో పల్చటి పొర వేస్తారు. కంటికి ఒకటే నున్నటి పూతగా కనిపించేది నిజానికి రెండు పొరలు. మధ్య పొర సరిగా పడకపోతే నిలవలో తేడా వస్తుంది. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ కుటుంబం మందులు పాడైనప్పుడు రంగు పసుపు, గోధుమ, ఊదా ఛాయలకు తిరుగుతుంది. తెల్లగానో లేత పసుపుగానో ఉండాల్సిన గుళికల మీద ముదురు మచ్చలు కనబడితే అనుమానించాల్సిందే.

పూత నిలుస్తుందో లేదో ఫ్యాక్టరీలో పరీక్షించే పద్ధతి సులువే. బిళ్ళలను 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 37 డిగ్రీల దగ్గర 2 గంటలు పైకీ కిందికీ ఆడిస్తారు. ఒక్క బిళ్ళా పగలకూడదు, విడిపోకూడదు. తర్వాత అవే బిళ్ళలను పీహెచ్ 6.8 ఉన్న ఫాస్ఫేట్ బఫరులోకి మారుస్తారు. ఈసారి గంటలోపు విడిపోవాలి. మొదటిది పొట్టకు నకలు, రెండోది పేగుకు నకలు. ఇండియన్ ఫార్మకోపియాలో ఇలాంటి బిళ్ళల పేరులోనే 'గ్యాస్ట్రో-రెసిస్టెంట్ టాబ్లెట్స్' అని ఉంటుంది. స్ట్రిప్పు వెనక ఆ మాటగానీ, ఎంటరిక్ కోటెడ్ అనిగానీ, డిలేయ్డ్ రిలీజ్ అనిగానీ ఉంటే దాన్ని నమలకూడదు, దంచకూడదు, సగం చేయకూడదు.

ఇప్పుడు ఆ పెద్దాయన సంగతికి వద్దాం. గొంతు దిగట్లేదని ఇంట్లో బిళ్ళను దంచి నీళ్లలో కలిపి పట్టిస్తారు. పొట్టలోకి వెళ్లేది పూత లేని పొడి. దానిలో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. "దంచి ఇచ్చినా బానే పనిచేసిందండి" అని కొందరంటారు, అదీ పూర్తిగా అబద్ధం కాదు. ఒమెప్రజోల్ కొన్నాళ్లు వాడుతున్నవాళ్ల పొట్టలో ఆమ్లం అప్పటికే తగ్గి ఉంటుంది కాబట్టి తర్వాతి డోసుల్లో ఎక్కువ మందు బతికి బట్టకడుతుంది. కానీ అది లెక్కకు అందేది కాదు. అల్సరుతో రక్తం పడిన మనిషికి అలాంటి అదృష్టం మీద వైద్యం నడపలేరు.

ఆయనకు దారి లేకపోలేదు. ఇదే కుటుంబంలో కొన్ని మందులు క్యాప్సూల్లో గుళికలుగా వస్తాయి. ప్రతి గుళికకూ విడిగా పూత ఉంటుంది. అలాంటి క్యాప్సూలును డాక్టరు లేదా ఫార్మసిస్టు ఒప్పుకుంటే విప్పి, గుళికలను నలగకుండా పుల్లటి పండు గుజ్జుతో మింగించవచ్చు. పుల్లటిదే ఎందుకంటే ఆ పులుపులో పూత కరగదు. పాలలో వేసి నానబెడితే పాల పీహెచ్ 6 దాటి ఉంటుంది కాబట్టి పూత గ్లాసులోనే కరగడం మొదలెడుతుంది. ఎసోమెప్రజోల్ గుళికలు సాషేల్లోనూ దొరుకుతాయి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే రోగులకైతే దంచిన బిళ్ళ రెండు విధాలా చెరుపు. మందూ పోతుంది, పూత ముక్కలు గొట్టానికీ అడ్డుపడతాయి.

భోజనానికి అరగంట ముందు వేసుకోమనడం వెనకా రూపం పాత్ర ఉంది. పంపులు తిండి తిన్నప్పుడే ఎక్కువగా మేలుకుంటాయి, మందు పట్టుకునేది మేలుకున్న పంపులనే. పాంటాప్రజోల్ రక్తంలో సగానికి తగ్గడానికి గంట సేపే పడుతుంది కాబట్టి, తిండి వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. పైగా విడిపోని పెద్ద బిళ్ళ నిండు పొట్టలో పడితే తిండి అంతా దిగేదాకా అక్కడే ఆగిపోతుంది. తిండితో పాటు మందు రక్తంలో చేరడం రెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆలస్యం కావచ్చు. చిన్న గుళికలకు ఈ బాధ తక్కువ, అవి తిండితో కలిసి జారిపోతాయి.

ఇదే పూత వేరే మందుల మీద సరిగ్గా తిరగేసిన కారణంతో ఉంటుంది. డైక్లోఫినాక్ మీద, గుండెజబ్బులకు రోజూ వేసుకునే చిన్న ఆస్పిరిన్ మీద, విరేచనం బిళ్ళ బిసాకోడిల్ మీద ఉన్న పూత మందును పొట్ట నుంచి కాపాడటానికి కాదు, పొట్టను మందు నుంచి కాపాడటానికి. బిసాకోడిల్‌ను పాలతోగానీ యాంటాసిడ్ సిరప్‌తోగానీ గంటలోపు వేసుకోవద్దనేది అందుకే. పొట్టలో పీహెచ్ పెరిగితే పూత 'పేగు వచ్చింది కాబోలు' అనుకుని విచ్చుకుంటుంది, మందు పొట్టను కరిచి మెలిపెడుతుంది. ఆస్పిరిన్ సంగతిలో ఒక మినహాయింపు ఉంది. గుండెపోటు అనుమానంతో డాక్టరు ఆస్పిరిన్ నమలమన్నప్పుడు పూత చేసే ఆలస్యమే ప్రమాదం, అప్పుడు నమలడమే కావాలి. ఒకే పూత, ఒకే బిళ్ళ, సందర్భాన్ని బట్టి జవాబు తారుమారు.

డెల్టాలో ఇంకో చిన్న బెడద, తేమ. వర్షాకాలంలో కోనసీమలో ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా చెమరుస్తుంది. స్ట్రిప్పును కత్తిరించి నాలుగు బిళ్ళలు ఇవ్వడం వరకు ఫరవాలేదు, ప్రతి బిళ్ళకూ దాని రేకు గది ఉంటుంది. వాటిని ముందే ఒలిచి, ఉదయానివీ సాయంత్రానివీ అని కాగితం పొట్లాల్లో కట్టి ఉంచే అలవాటే మంచిది కాదు.

సీసాలో పొడి ఎందుకు?

పాప సీసాలో ఉన్నది అమాక్సిసిలిన్, 5 మి.లీ.కి 125 మి.గ్రా. దీన్ని జ్వరం సిరప్‌లా ముందే కలిపి అమ్మొచ్చుగా అన్నది సహజమైన ప్రశ్న. దానికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది.

అమాక్సిసిలిన్ ట్రైహైడ్రేట్ నీళ్లలో మి.లీ.కి దాదాపు 4 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. 5 మి.లీ. చెంచాలో కరగగలిగేది 20 మి.గ్రా. కావాల్సింది 125. అంతా కరిగించాలంటే ఒక్కో డోసుకు 30 మి.లీ.కి పైగా నీళ్లు కావాలి, అంటే ఆరు చెంచాలు. మూడేళ్ల పిల్ల చేత రోజుకు మూడుసార్లు అంత చేదు నీళ్లు తాగించడం ఏ తల్లికీ సాధ్యం కాదు. కాబట్టి 20 మి.గ్రా. కరిగి, మిగతా 105 సన్నటి రేణువులుగా నీళ్లలో తేలుతూ ఉండేలా చేస్తారు. అదే సస్పెన్షన్. కరగని రేణువు నాలుకకు పెద్దగా రుచి తెలియనివ్వదు, కరిగిన భాగమే చేదు. కాబట్టి ఇక్కడ కరగకపోవడం లోపమే అయినా పనికొచ్చే లోపం.

రెండో ఇబ్బంది నిలవ. అమాక్సిసిలిన్‌లో ఉన్న బీటా-లాక్టమ్ వలయం నీళ్లు తగిలితే మెల్లగా తెగిపోతుంది. సస్పెన్షన్‌లో తెగేది ముఖ్యంగా కరిగి ఉన్న భాగమే. అది తగ్గుతుంటే రేణువుల నుంచి మరికొంత కరిగి ఆ లోటు పూడుస్తుంది, అదీ తెగుతుంది. ఇలా రోజూ కొంచెం కొంచెం పోతూ ఉంటుంది. కొన్ని రోజుల కోర్సుకు ఇది సరిపోతుంది, షాపులో ఏడాది నిలవకు సరిపోదు. అందుకే పొడిగా అమ్మి, వాడేముందు కలపమంటారు. కలిపాక చాలా సీసాల మీద 7 రోజులని రాసి ఉంటుంది.

ఇక్కడే అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన సీసాతో పోల్చి చూస్తే విషయం తేటగా తెలుస్తుంది. క్లావులనేట్ నీళ్లలో బాగా కరుగుతుంది. రేణువుల రూపంలో దాక్కునే వీలు దానికి లేదు, కలిపిన మరుక్షణం నుంచి మొత్తం నీళ్ల బారిన పడుతుంది. అందుకే ఆ సీసాను తప్పనిసరిగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచమంటారు. గాలివాన వచ్చి రెండు రోజులు కరెంటు పోయిన లంక ఊళ్లో ఆ సీసాను 'ఇంకా సగం ఉంది కదా' అని కొనసాగించడం సరికాదు. రంగు ముదిరితే అదొక హెచ్చరిక, కానీ రంగు మారలేదంటే మందు బాగుందని అర్థం కాదు.

కలపడంలో జరిగే పొరపాటు చిన్నదే, ఫలితం మాత్రం డోసులో కనిపిస్తుంది. 30 మి.లీ. సీసాలో మొత్తం మందు 750 మి.గ్రా. '30 మి.లీ. సీసా కాబట్టి 30 మి.లీ. నీళ్లు' అని కొలిచి పోసేవాళ్లున్నారు. పొడి కూడా కొంత చోటు తీసుకుంటుంది. ఉదాహరణకు అది 4 మి.లీ. అనుకుంటే మొత్తం 34 మి.లీ. అవుతుంది. అప్పుడు మి.లీ.కి 25కు బదులు 22 మి.గ్రా., చెంచాకు 125కు బదులు 110 మి.గ్రా. మాత్రమే వస్తుంది. ప్రతి డోసూ 12 శాతం తక్కువ. నీళ్లు తక్కువ పోస్తే దీనికి ఉల్టా. సరైన పద్ధతి ఇది: ముందు మూత పెట్టిన సీసాను తట్టి గడ్డకట్టిన పొడిని వదులు చేయాలి. నీళ్లు సగం పోసి బాగా ఊపాలి. నురగ దిగేదాకా ఆగి, అప్పుడు సీసా మీది గీత దగ్గరకు నీళ్లు చేర్చి మళ్లీ ఊపాలి. నురగ ఉండగా గీత చూస్తే లెక్క తప్పుతుంది.

నీళ్లు ఏవన్నది కూడా ముఖ్యమే. పెట్టెలో నీళ్ల ఆంప్యూల్ ఇస్తే అదే వాడాలి. లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు. వేడి నీళ్లు మందును తొందరగా చెరుపుతాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. కారణం క్రిములు మాత్రమే కాదు. రేణువుల మీద ఉండే విద్యుదావేశం మీద ఆధారపడి వాటి తీరు ఉంటుంది, లవణాలు ఆ తూకాన్ని మార్చేస్తాయి.

డాక్టరు 5 మి.లీ. చొప్పున రోజుకు మూడుసార్లు ఐదు రోజులు రాశారనుకుందాం. మొత్తం 75 మి.లీ., అంటే మూడు సీసాలు. రెండు రోజులకొక సీసా అయిపోతుంది. మూడూ ఒకేసారి కలిపించుకుని వెళ్లాల్సిన పనిలేదు. ఒకటి అయ్యాక రెండోది కలుపుకుంటే చాలు. ఇంటి దగ్గర కలపడం రాని వాళ్లకు షాపులోనే ఒకసారి చేసి చూపించడం చీటీ మీద రాసివ్వడం కన్నా నయం.

ఇక 'ఊపి వాడండి' అన్న మాట. సస్పెన్షన్‌లో రేణువులు దిగడం ఆగదు, దాన్ని మెల్లగా చేయవచ్చు, అంతే. రేణువు వ్యాసం సగమైతే దిగే వేగం నాలుగో వంతవుతుంది. ద్రవం చిక్కబడితే ఇంకా తగ్గుతుంది, అందుకే జాంతాన్ గమ్ లాంటి జిగురు కలుపుతారు. దీన్ని బట్టి 'ఎంత మెల్లగా దిగితే అంత మంచి సస్పెన్షన్' అనుకోవడం సహజం. పరీక్షల్లో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రేణువులు విడివిడిగా, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ చాలా మెల్లగా దిగితే అడుగున దగ్గర దగ్గరగా పేరుకుంటాయి. కాలవ అడుగున పేరుకున్న బంకమట్టిలా అది గట్టిపడితే ఎంత ఊపినా కదలదు. దీన్ని కేకింగ్ అంటారు. రేణువులు వదులుగా గుంపులు కడితే తొందరగా దిగుతాయి, పైన తేట నీళ్లూ కనబడతాయి, చూడటానికి బాగుండదు. కానీ అడుగున ఉన్నది గుల్లగా ఉంటుంది, రెండుసార్లు ఊపితే మళ్లీ సమంగా లేస్తుంది. పైకి తేట కనబడిన సీసాను 'మందు విరిగిపోయింది' అని తిరిగిచ్చేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. సీసాను తలకిందులు చేసి ఊపాక అడుగున ముద్ద అంటుకుని ఉంటే మాత్రమే అది పనికిరాదు.

ఊపకుండా పోస్తే ఏమవుతుందో చెప్పడానికి ఫిట్స్ మందు ఫినైటాయిన్ సస్పెన్షన్ పాత ఉదాహరణ. మొదటి వారం పైనున్న పల్చటి మందు వెళ్లి ఫిట్స్ ఆగవు, చివరి వారం అడుగు చిక్కటి మందు వెళ్లి మత్తు, తూలడం మొదలవుతాయి. ఆ మందు ఒక స్థాయి దాటాక డోసు కొంచెం పెరిగినా రక్తంలో చాలా పెరిగిపోతుంది కాబట్టి తేడా మరీ ఎక్కువ.

కరగని మందును కరిగించి తీరాలన్న పట్టుదల ఎంత దూరం తీసుకెళ్తుందో 1937లో అమెరికాలో తెలిసింది. సల్ఫానిలమైడ్ అప్పటికే బిళ్ళలుగా, పొడిగా వాడుకలో ఉంది. ద్రవరూపం కావాలన్న గిరాకీ చూసి మసెంగిల్ అనే కంపెనీ దాన్ని డైఇథిలిన్ గ్లైకాల్‌లో కరిగించి ఎలిక్సిర్‌గా అమ్మింది. మందు చక్కగా కరిగింది, రుచిగా ఉంది, కానీ ఆ ద్రావకం కిడ్నీలను దెబ్బతీసే విషం. వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మరుసటి ఏడే అమెరికా మందుల చట్టం మారింది. చంపింది మందు కాదు, దానికి ఎంచుకున్న రూపం.

పాలలాంటి లోషను

మూడోది గజ్జికి రాసే బెంజైల్ బెంజోయేట్. ఇప్పుడు డాక్టర్లు పర్మెత్రిన్ క్రీమే ఎక్కువగా రాస్తున్నా, ఇంటిల్లిపాదికీ రాయాల్సి వచ్చినప్పుడు ఈ లోషను ఇంకా వాడుకలో ఉంది. వరదల్లో బడిలోనో కల్యాణ మండపంలోనో జనం ఇరుగ్గా పడుకున్నప్పుడు గజ్జి ఇంటింటికీ పాకే జబ్బు కదా.

బెంజైల్ బెంజోయేట్ నూనెలాంటి ద్రవం, నీళ్లలో కరగదు. నేరుగా రాస్తే మంట, జిడ్డు, ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ. గజ్జి పురుగు వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ, మెడ కింద నుంచి పాదాల దాకా ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి మందు ఒంటినిండా సమంగా పరుచుకోవాలి. అందుకే దాన్ని సన్నటి బొట్లుగా నీళ్లలో చెదరగొడతారు. ఫార్ములా చిన్నదే. లీటరుకు బెంజైల్ బెంజోయేట్ 250 గ్రాములు, ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ 20 గ్రాములు, మిగతాది నీళ్లు. మైనాన్ని కరిగించి, మందు కలిపి, గోరువెచ్చటి నీళ్లలో పోసి చల్లారేదాకా కలుపుతారు. మైనం అణువు ఒక కొస నూనె వైపు, ఇంకో కొస నీళ్ల వైపు పెట్టుకుని బొట్టు చుట్టూ కాపలా ఉంటుంది. ఒంటికి రాశాక నీళ్లు ఆరిపోయి మందు పల్చటి పొరగా మిగులుతుంది. ఇక్కడ నీళ్ల పని మందును మోసుకెళ్లి పరచడమే.

ఎమల్షన్‌లో నూనె బొట్లు నీళ్లలో ఉన్నాయా, నీటి బొట్లు నూనెలో ఉన్నాయా అన్నది తెలుసుకోవడం తేలిక. గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేస్తే పాలలా కలిసిపోయిందంటే బయట ఉన్నది నీళ్లే. ఈ లోషను ఆ రకమే. అందుకే డాక్టరు పిల్లలకు రాసేటప్పుడు నీళ్లు కలిపి పల్చన చేసి వాడమనగలరు. సమానంగా నీళ్లు కలిపితే 25 శాతం కాస్తా 12.5 అవుతుంది. నూనె బయట ఉండే రకమైతే ఇది కుదరదు, నీళ్లు విడిగా నిలబడతాయి.

ఇప్పుడు అడుగున దిగిన నూనె సంగతి. ఎమల్షన్‌లో బొట్లు పైకి తేలి మీగడ కడతాయని పుస్తకాలు రాస్తాయి. నూనె నీళ్లకన్నా తేలిక అన్న లెక్కతో రాసిన మాట అది, లిక్విడ్ పారఫిన్‌కు సరిపోతుంది. బెంజైల్ బెంజోయేట్ సాంద్రత మి.లీ.కి 1.12 గ్రాములు, నీళ్లకన్నా బరువు. కాబట్టి దీని మీగడ కిందికి దిగుతుంది. అడుగున చిక్కటి తెలుపు కనబడటం ఒక్కటే చూసి సీసా పారేయక్కర్లేదు, బాగా ఊపితే మళ్లీ పాలలా అవుతుంది. అడుగున ఉన్నది తెల్లగా కాకుండా తేటగా, నూనెలా మెరుస్తూ ఉండి, ఊపిన కాసేపటికే మళ్లీ విడిపోతుంటే బొట్లు కలిసిపోయినట్టే. మైనం పొర తెగిపోయింది, దాన్ని మళ్లీ కలపడం ఇంట్లో జరిగే పని కాదు. అలా విడిపోయిన సీసాలోంచి రాస్తే ఒకరికి ఉత్త నీళ్లు, ఇంకొకరికి చర్మం మండే నూనె. పొయ్యి పక్కన గూట్లో పెట్టడం, ఫ్రిజ్‌లో గడ్డకట్టనివ్వడం, వేరే లోషను దానిలో కలపడం, ఇవి విరగడానికి మామూలు దారులు.

చేత్తో ఎమల్షన్ చేయడం ఇప్పటికీ కాలేజీ ల్యాబ్‌లో నేర్పుతారు. తిండి నూనెలకు నూనె 4, నీళ్లు 2, అకేషియా జిగురు 1 పాళ్లు, లిక్విడ్ పారఫిన్‌కు 3, 2, 1. పొడి కల్వంలో జిగురునూ నూనెనూ కలిపి, నీళ్లన్నీ ఒక్కసారిగా పోసి ఒకే దిక్కుగా గబగబా నూరితే కాసేపటికి చిటచిటమనే చప్పుడు వస్తుంది, ముద్ద తెల్లబడుతుంది. అప్పుడే మిగతా నీళ్లు కొద్దికొద్దిగా చేర్చాలి. నీళ్లు ముందు విడతలుగా పోసినవాళ్లకు ఆ చప్పుడు రాదు, మళ్లీ మొదలుపెట్టుకోవాల్సిందే.

పల్చన చేసిన గజ్జి లోషను విషయంలో ఒక్క జాగ్రత్త. నీళ్లు కలిపితే మందుతో పాటు మైనం కూడా పల్చబడుతుంది, బొట్ల మీద కాపలా సన్నగిల్లుతుంది. సీసా మీది గడువు తేదీ దానికి వర్తించదు. ఆ పూట ఎంతమంది పిల్లలకు రాయాలో అంతే వేరే గిన్నెలో కలుపుకుని, మిగిలింది పారబోయాలి. సీసాలోకి తిరిగి పోయకూడదు.